రెండున్నర గంటలు ఎటు పోయాయి: షిఫ్ట్ లాగ్‌బుక్ నుంచి ప్యాకింగ్ లైన్ ఓఈఈ లెక్క

గాజువాక ఆటోనగర్‌లో కారప్పొడి ప్యాక్ చేసే లైన్ ఒకటి ఉందనుకుందాం. 200 గ్రాముల ప్యాకెట్, కార్టన్‌కి 60 ప్యాకెట్లు. బీ షిఫ్ట్ మధ్యాహ్నం 2కి ఎక్కి రాత్రి 10కి దిగింది. గోడౌన్‌కి 251 కార్టన్లు, విడిగా 14 ప్యాకెట్లు వెళ్లాయి. అంటే 15,074 మంచి ప్యాకెట్లు. ఇది బాగున్నట్టా, బాగోలేనట్టా?

కార్టన్లు లెక్కపెడితే జవాబు దొరకదు, ఎన్ని రావాల్సి ఉందో ముందు తెలియాలి. ఈ మెషీన్ నిమిషానికి 50 ప్యాకెట్లు కొట్టగలదు. షిఫ్ట్ 480 నిమిషాలు. భోజనానికి లైన్ ఆపే అరగంట తీసేస్తే 450 మిగులుతాయి. 450 నిమిషాలూ ఆగకుండా, పూర్తి వేగంతో, ఒక్కటీ పాడవకుండా నడిస్తే 22,500 ప్యాకెట్లు రావాలి. వచ్చినవి 15,074. అంటే 67 శాతం. ఓఈఈ అంటే ఇంతే. ‘ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్’ అన్న పెద్ద పేరు వెనకాల ఉన్నది ఈ ఒక్క భాగహారమే.

మరి అవైలబిలిటీ, పెర్ఫార్మెన్స్, క్వాలిటీ అని మూడు ముక్కలు ఎందుకు? రాకుండా పోయిన 33 శాతం ఏ దారిన పోయిందో చెప్పడానికి. మెషీన్ ఆగి కొంత, నెమ్మదించి కొంత, పాడు సరుకు తీసి కొంత పోయింది. ఈ తేడా బుర్రలో పెట్టుకుంటే తర్వాతి లెక్కంతా సులువు. మొత్తం ఓఈఈ మూడు అంకెల మీదే నిలబడుతుంది: ప్లాన్ చేసిన సమయం, మెషీన్ అసలు వేగం, మంచి ప్యాకెట్ల సంఖ్య. స్టాపేజీలు రాయడంలో తప్పు జరిగితే మొత్తం మారదు. నష్టం ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకి జారుతుంది. ఆ జారుడు వల్లే మెకానిక్ చూడాల్సిన చోట సూపర్‌వైజర్, సూపర్‌వైజర్ చూడాల్సిన చోట మెకానిక్ తంటాలు పడతారు.

ఇదీ ఆ రోజు లాగ్‌బుక్ పేజీ. ఇందులోని అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవి.

| ఆగింది | మళ్లీ మంచి ప్యాకెట్ | నిమిషాలు | కారణం |
|---|---|---|---|
| 2:00 | 2:20 | 20 | సీలు వేసే జా వేడెక్కలేదు, డేట్ కోడింగ్ సెట్టింగ్ |
| 4:20 | 4:26 | 6 | ఫిల్మ్ రోల్ మార్పు |
| 4:42 | 4:59 | 17 | జా మీద టెఫ్లాన్ టేపు చిరిగింది |
| 6:40 | 7:05 | 25 | కరెంటు పోయింది |
| 7:10 | 7:16 | 6 | రోల్ మార్పు |
| 8:00 | 8:30 | 30 | భోజనం (ప్లాన్‌లో ఉన్నది) |
| 9:36 | 9:42 | 6 | రోల్ మార్పు |

మెషీన్ కౌంటర్ ప్రకారం షిఫ్ట్‌లో పడిన ప్యాకెట్లు 15,540. రిజెక్ట్ 466: బరువు చూసే చెక్‌వెయర్ తోసేసినవి 238, సీలు లీకైనవి 172, డేట్ సరిగా పడనివి 56.

భోజనం కాక మిగతా స్టాపేజీలు కూడితే 80 నిమిషాలు. మెషీన్ నడిచినట్టు లెక్క 370 నిమిషాలు. 370ని 450తో భాగిస్తే అవైలబిలిటీ 82.2 శాతం. ఆ 370 నిమిషాల్లో నిమిషానికి 50 చొప్పున 18,500 పడాలి, పడినవి 15,540, కాబట్టి పెర్ఫార్మెన్స్ 84 శాతం. పడినవాటిలో మంచివి 15,074, క్వాలిటీ 97 శాతం. మూడూ గుణిస్తే 67.0. మొదట్లో ఒక్క భాగహారంతో వచ్చిన అంకే ఇదీ. రెండు దారుల్లో రెండు అంకెలు వస్తే కూడికలో ఎక్కడో తప్పు దొర్లినట్టే, అక్కడే ఆగి వెతకాలి.

ఎక్సెల్‌లో పెట్టుకునేవాళ్లు B2లో ప్లాన్ నిమిషాలు, B3లో స్టాపేజీ నిమిషాలు, B4లో అసలు వేగం, B5లో మొత్తం ప్యాకెట్లు, B6లో రిజెక్ట్ వేసుకుని, B8 నుంచి కిందికి ఈ ఐదు ఫార్ములాలు రాసుకుంటే చాలు. నాలుగోది, ఐదోది ఎప్పుడూ సమానంగా ఉండాలి.

```
=(B2-B3)/B2
=B5/((B2-B3)*B4)
=(B5-B6)/B5
=B8*B9*B10
=(B5-B6)/(B2*B4)
```

శాతాల కన్నా నిమిషాలు మేలు

82, 84, 97 అన్న మూడు శాతాలు పక్కపక్కన పెడితే అవైలబిలిటీ, పెర్ఫార్మెన్స్ దాదాపు సమానంగా దెబ్బతిన్నట్టు కనిపిస్తాయి. కానీ ఒక్కో శాతానికి కింద ఉన్న హారం వేరు. ఒకటి 450 మీద, ఇంకోటి 370 మీద, మూడోది ప్యాకెట్ల మీద లెక్క. పక్కపక్కన పెట్టి పోల్చడానికి అవి సరిపోవు. అందుకే మూడింటినీ నిమిషాల్లోకి మార్చాలి.

మంచి ప్యాకెట్లు 15,074ని 50తో భాగిస్తే 301.5 నిమిషాలు. పూర్తి వేగంతో నడిచి ఉంటే ఆ సరుకు అయిదు గంటల్లో అయిపోయేది. 450లో మిగిలిన 148.5 నిమిషాలు పోయాయి, ఇంచుమించు రెండున్నర గంటలు. అందులో స్టాపేజీలు 80. వేగం దగ్గర పోయినవి 370 లోంచి 310.8 (అంటే 15,540ని 50తో భాగించినది) తీసేస్తే 59.2. రిజెక్ట్ ప్యాకెట్లు కొట్టడానికి పట్టినవి 466ని 50తో భాగిస్తే 9.3. మూడూ కలిపితే 148.5. పైసాతో సహా లెక్క సరిపోయింది.

ఇప్పుడు బొమ్మ మారింది. రిజెక్ట్‌ల మీద మీటింగులు పెట్టే ఫ్యాక్టరీలో వాటి వల్ల పోయింది తొమ్మిది నిమిషాలు (సరుకు, ఫిల్మ్ ఖర్చు వేరే, అది ఓఈఈలో రాదు). లాగ్‌బుక్‌లో ఒక్క వరుస కూడా లేని పద్దులో పోయింది 59 నిమిషాలు. ఆ గంట ఏమైందన్నదే ఈ షిఫ్ట్‌లో అడగాల్సిన ప్రశ్న. అయితే దానికన్నా ముందు, లాగ్‌బుక్‌లో ఉన్న 80 నిమిషాలు నమ్మదగినవేనా అన్నది చూసుకోవాలి.

కరెంటు వచ్చిన టైమ్ కాదు, మంచి ప్యాకెట్ వచ్చిన టైమ్

సాయంత్రం 6:40కి కరెంటు పోయింది, 6:50కి వచ్చింది. చాలా లాగ్‌బుక్‌లలో దీన్ని ‘పవర్ కట్, 10 ని.’ అని రాస్తారు. కానీ కరెంటు పోయినప్పుడు వేడి జాల మధ్య సగం సీలైన ప్యాకెట్ ఇరుక్కుపోయింది, దాని ఫిల్మ్ కరిగి టెఫ్లాన్‌కి అంటుకుంది. కరెంటు వచ్చాక దాన్ని గీకి తీయాలి, జాలు మళ్లీ సెట్ చేసిన వేడికి రావాలి, కంప్రెసర్ గాలి నింపుకోవాలి, ఫిల్మ్‌ని లాగి కోత చోటు చూపే ఐ మార్క్‌కి సరిచూసుకోవాలి, మొదటి పది పన్నెండు ప్యాకెట్లు పారేయాలి. 7:05కి గానీ కార్టన్‌లో వేసే ప్యాకెట్ రాలేదు. స్టాపేజీ 25 నిమిషాలు.

పది అని రాస్తే ఏమవుతుంది? నడిచిన సమయం 370 బదులు 385 అవుతుంది. అవైలబిలిటీ 85.6కి పెరుగుతుంది, పెర్ఫార్మెన్స్ 80.7కి పడుతుంది, ఓఈఈ మాత్రం 67.0 దగ్గరే ఉంటుంది. ఆ 15 నిమిషాలు ఎక్కడికీ పోలేదు. ‘కరెంటు’ అన్న పేరు పోగొట్టుకుని ‘ఆపరేటర్ నెమ్మదిగా నడిపాడు’ అన్న పద్దులోకి చేరాయి. జనరేటర్‌కి ఆటోమేటిక్ చేంజోవర్ పెట్టడమో, జా హీటర్లకి కరెంటు ఆగకుండా చూడడమో చేయాల్సిన చోట ఆపరేటర్‌కి మెమో వెళుతుంది. లాగ్‌బుక్‌లో ‘ఆగింది’ పక్కన ‘స్టార్ట్ చేసింది’ అని కాకుండా ‘మళ్లీ మంచి ప్యాకెట్’ అన్న గడి ఉండాలనేది ఇందుకే.

కరెంటు పోవడం మన చేతుల్లో లేదు కదా, ప్లాన్ సమయంలోంచే తీసేద్దాం అనే వాదన ప్రతిచోటా వినిపిస్తుంది. తీయకూడదు. ప్లాన్‌లోంచి తీయాల్సినవి ముందే నిర్ణయమైనవి మాత్రమే: లైన్ ఆపే భోజనం, ఆర్డర్ లేక షిఫ్ట్ వేయకపోవడం, ముందే తేదీ ఇచ్చిన మెయింటెనెన్స్. రోల్ మార్పు, సైజు మార్పు, శుభ్రం చేయడం, కరెంటు, పొడి రాక ఎదురుచూడడం అన్నీ నష్టం కిందే రాయాలి. ఎవరి నష్టమో చెప్పడానికి పక్కన కోడ్ వేసుకుంటే సరి. ఒకసారి తీసేయడం మొదలుపెడితే ఏడాదికి ప్లాన్ సమయం కరిగిపోతుంది, ఓఈఈ మాత్రం పెరుగుతూ పోతుంది.

లాగ్‌బుక్ నిజం చెబుతోందా లేదా అన్నది ఒక్క చూపులో పట్టుకునే గుర్తు ఉంది. నిమిషాలన్నీ 5, 10, 15, 20 అని ఉంటే ఆ పేజీ షిఫ్ట్ చివర గుర్తు తెచ్చుకుని రాసినది. ఆగినప్పుడే రాసిన పేజీలో 6, 17, 23 లాంటి అంకెలు కనిపిస్తాయి.

ఎక్కడా రాయని 59 నిమిషాలు

పెర్ఫార్మెన్స్ నష్టంలో రెండు వేర్వేరు జబ్బులు కలిసి ఉంటాయి. ఒకటి, మెషీన్‌ని తక్కువ వేగం మీద పెట్టి నడపడం. రెండోది, లాగ్‌బుక్‌లో రాసేంత సేపు ఆగని చిన్న చిన్న ఆగుళ్లు. ఈ యూనిట్‌లో 5 నిమిషాలు దాటితేనే రాయాలని పద్ధతి, చాలా చోట్ల అంతే. కాబట్టి నాలుగున్నర నిమిషాల ఆగుడు కూడా ‘వేగం’ పద్దులోకే వస్తుంది.

రెండింటినీ విడదీయడానికి ఇంకొక్క అంకె కావాలి: ఆ షిఫ్ట్‌లో మెషీన్ స్క్రీన్ మీద సెట్ చేసిన వేగం. ఆ రోజు అది 46. దాని ప్రకారం 15,540 ప్యాకెట్లు కొట్టడానికి 337.8 నిమిషాలు పట్టాలి. పూర్తి వేగంతో అయితే 310.8 చాలు. ఈ రెంటి తేడా 27 నిమిషాలు వేగం తగ్గించినందుకు పోయినవి. 370లో 337.8 పోగా మిగిలిన 32.2 నిమిషాలు చిన్న ఆగుళ్లవి. స్క్రీన్ మీద అలారం హిస్టరీ తీస్తే షిఫ్ట్‌లో 41 ఆగుళ్లు కనిపించాయనుకుందాం, ఒక్కోటి సగటున 47 సెకన్లు.

47 సెకన్లు ఎవరికీ నష్టంలా అనిపించదు. ఆపరేటర్ వెళ్లి పొడి పోసే హాపర్ మీద రెండు దెబ్బలు వేసి, రీసెట్ నొక్కి వస్తాడు. ఎవరినీ పిలవడు, ఏమీ రాయడు. అలా 41 సార్లు.

ఈ 41 ఎప్పుడు జరిగాయో చెప్పేది గంటగంటకూ రాసే కౌంటర్ రీడింగ్. 5 నుంచి 6 మధ్య లాగ్‌బుక్‌లో స్టాపేజీ ఏమీ లేదు. 46 చొప్పున 2,760 పడాలి, పడినవి 2,162. అవి 47 నిమిషాల పని, 13 నిమిషాలు ఎటో పోయాయి. 8:30 నుంచి 9:36 వరకు మాత్రం లైన్ దాదాపు ఆగలేదు. తేడా ఏమిటి? విశాఖలో వానాకాలంలోనే కాదు, మిగతా రోజుల్లో కూడా సముద్రం గాలిలో తేమ ఎక్కువ. పొడి సంచులు మూతి తీసి షెడ్డు గాలిలో ఉంచితే కారప్పొడి తేమ పీల్చి హాపర్‌లో కమానులా గడ్డకడుతుంది. కింద పొడిని కొలిచి వదిలే ఆగర్ ఖాళీగా తిరుగుతుంది, లెవెల్ సెన్సర్ ‘పొడి లేదు’ అని మెషీన్‌ని ఆపుతుంది, దెబ్బ వేస్తే కమాను విరిగి మళ్లీ నడుస్తుంది. సాయంత్రం వాడింది మధ్యాహ్నం విప్పి పెట్టిన సంచులూ, భోజనం తర్వాత వాడింది అప్పుడే విప్పినవీ అయితే అనుమానం తేమ మీదకే వెళ్లాలి. ఇది నిజమో కాదో తేల్చడం కష్టం కాదు. రెండు రోజులు సంచులు వాడబోయే ముందే విప్పి, గంటల వారీ రీడింగ్ పోల్చి చూడడమే. గంటకో రీడింగ్ లేకపోతే మాత్రం షిఫ్ట్ మొత్తానికి 84 శాతం అన్న ఒక్క అంకె మిగులుతుంది, దానిలోంచి తేమ గురించి ఏమీ తెలియదు.

అసలు వేగం 50 అని ఎవరు చెప్పారు?

ఓఈఈలో అన్నిటికన్నా ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. ఈ అంకె మార్చితే ఒక్క ప్యాకెట్ కూడా అదనంగా రాకుండానే ఓఈఈ పెరుగుతుంది. ‘ఎప్పుడూ నడిపేది 46 కదా, అదే అసలు వేగం’ అనుకుని లెక్క వేయండి: పెర్ఫార్మెన్స్ 91.3, ఓఈఈ 72.8. దాదాపు ఆరు పాయింట్లు లేచింది, కార్టన్లు 251 దగ్గరే ఉన్నాయి. పోయిన 27 నిమిషాలు ఇక ఎవరికీ కనిపించవు.

అసలు వేగం అంటే మెషీన్ తయారీదారు ఆ ప్యాకెట్ బరువుకి, ఆ ఫిల్మ్‌కి ఇచ్చిన వేగం. కేటలాగ్‌లో పెద్ద అక్షరాల్లో ఉండే గరిష్ఠ వేగం కాదు, అది తరచూ చిన్న ప్యాకెట్‌కి, పొడి లేకుండా నడిపినప్పుడు వచ్చేది. తయారీదారు అంకె దొరకకపోతే ఆ సైజు మీద రికార్డుల్లో నిలకడగా సాధించిన అతి మంచి వేగం తీసుకోవాలి, సగటు తీసుకోకూడదు. ఎంచుకున్న అంకెను సైజు వారీగా ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, గోడకి అంటించాలి. మెషీన్‌లో నిజంగా మార్పు చేస్తే తప్ప దాన్ని ముట్టుకోకూడదు. ఏ రోజైనా పెర్ఫార్మెన్స్ 100 దాటితే సంతోషించే పని లేదు. అసలు వేగం తక్కువ వేసుకున్నారు, లేదా స్టాపేజీలు ఎక్కువ రాశారు, లేదా కౌంటర్ ఖాళీ ప్యాకెట్లని కూడా లెక్కపెడుతోంది.

ఆపరేటర్ 46కి ఎందుకు తగ్గించాడు? బద్ధకమని అనుకునే ముందు జా దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. నిమిషానికి 50 అంటే ఒక ప్యాకెట్‌కి 1.2 సెకన్లు. ఆ సమయంలోనే ఫిల్మ్ లాగడం, పొడి పడడం, జా మూసుకుని సీలు వేసి కత్తిరించడం అన్నీ జరగాలి. 46కి తగ్గిస్తే 1.3 సెకన్లు. ఆ పదో వంతు సెకను జా ఫిల్మ్‌ని ఇంకాస్త పట్టుకునేందుకు పనికొస్తుంది, సీలు గట్టిగా పడుతుంది. అంటే 50 మీద లీకులు వస్తుంటే తగ్గించాడు. ఆగర్ ఆగాక కూడా కాస్త పొడి జారి పడుతూ ఉంటే ఆ రేణువులు సీలు పడే చోట ఇరుక్కుంటాయి. కారప్పొడిలో నూనె కూడా ఉంటుంది, ఫిల్మ్‌కి అంటుకుంటే వేడి సరిగా తగలదు. ‘రేపటి నుంచి 50 మీద నడపాలి’ అని ఆర్డర్ వేస్తే 27 నిమిషాలు తిరిగి రావు, లీకు రిజెక్ట్‌లై క్వాలిటీ పద్దులో తేలతాయి. సరిచేయాల్సింది ఆగర్ కింద పొడి జారకుండా ఆపే కటాఫ్, జా వేడి, జా ఒత్తిడి, టెఫ్లాన్ మార్చే వ్యవధి. అదే షిఫ్ట్‌లో టెఫ్లాన్ చిరిగి 17 నిమిషాలు పోయాయి, లీకులు 172 వచ్చాయి. మూడు పద్దుల్లో మూడు వేర్వేరు నష్టాల్లా కనిపిస్తున్నవి ఒకే జా దగ్గర నుంచి వస్తున్నాయి.

రిజెక్ట్ ఎప్పుడు రిజెక్ట్?

తక్కువ బరువు ప్యాకెట్‌ని చెక్‌వెయర్ తోసేస్తుంది, సాయంత్రం ఎవరో దాన్ని కోసి పొడిని మళ్లీ హాపర్‌లో పోస్తారు. పొడి వృథా కాలేదు కదా, రిజెక్ట్ కింద ఎందుకు రాయాలి అంటారు. ఓఈఈ కొలిచేది పొడిని కాదు, మెషీన్ సమయాన్ని. ఆ పొడి మళ్లీ ప్యాకెట్ అయినప్పుడు కౌంటర్‌లో మళ్లీ ఒకటి పడుతుంది, మంచిదిగా లెక్కకి వస్తుంది. మెషీన్ రెండుసార్లు కొట్టి ఒక ప్యాకెట్ ఇచ్చింది. మొదటిసారికే బాగా వచ్చినది మాత్రమే మంచిది.

బరువు విషయంలో చెక్‌వెయర్ హద్దు ఎక్కడ పెట్టారన్నది కూడా రిజెక్ట్ అంకెను మారుస్తుంది. 2011 లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం 200 గ్రాముల ప్యాకెట్‌లో తక్కువకి గరిష్ఠ హద్దు 4.5 శాతం, అంటే 9 గ్రాములు. సగటు బరువు 200కి తగ్గకూడదనేది దానితో పాటు ఉన్న షరతు. అందుకని చాలామంది చెక్‌వెయర్‌ని ఇంకా బిగించి పెడతారు. హద్దు మార్చిన రోజున లాగ్‌బుక్‌లో రాయకపోతే తర్వాతి వారం క్వాలిటీ పడిపోయినట్టు కనిపిస్తుంది, ఎవరూ కారణం చెప్పలేరు.

లీకులది ఇంకో చిక్కు. అరగంటకోసారి కొన్ని ప్యాకెట్లు తీసి నీళ్ల తొట్టిలో వ్యాక్యూమ్ పెట్టి బుడగలు వస్తున్నాయా అని చూస్తారు. లీకు కనిపిస్తే ముందటి పరీక్ష నుంచి అప్పటిదాకా వచ్చిన సరుకంతా పక్కన పెట్టి ఏరాలి. ఏరడం మర్నాడు పూర్తవుతుంది. దొరికిన లీకు ప్యాకెట్లని ఏరిన షిఫ్ట్‌కి కాక, అవి తయారైన షిఫ్ట్‌కి రాయాలి. లేకపోతే జా పాడైన షిఫ్ట్‌కి మంచి అంకె, మర్నాడు బాగా నడిపినవాళ్లకి చెడ్డ అంకె వస్తాయి. కార్టన్ మీద వేసే డేట్, టైమ్ కోడ్ చూస్తే ఏ షిఫ్ట్‌దో తెలిసిపోతుంది.

కౌంటర్ అంకె 15,540 సరైనదేనా అని చూడడానికి ఫిల్మ్ ఉంది. ప్యాకెట్ పొడవు 200 మిల్లీమీటర్లు అయితే 1,000 మీటర్ల రోల్‌కి 5,000 కోతలు. ఆ షిఫ్ట్ మూడు రోల్స్ అవగొట్టి నాలుగోదాంట్లో 148 మీటర్లు వాడింది, మొత్తం 3,148 మీటర్లు. కౌంటర్ ప్రకారం ప్యాకెట్లకి పట్టింది 3,108. మిగిలిన 40 మీటర్లు నాలుగుసార్లు రోల్ ఎక్కించినప్పుడు ఒక్కోసారి పది మీటర్ల చొప్పున పోయిన తుక్కు. సరిపోయింది. ఈ తేడా ఒక రోజు 150 మీటర్లకి పెరిగితే కౌంటర్ పక్కన పెట్టి నడిపారని, లేదా ఫిల్మ్ బాగా నలిగి పోయిందని అర్థం.

మూడు షిఫ్ట్‌లు కలిపేటప్పుడు

ఆ రోజు ‘ఏ’ షిఫ్ట్ 450 నిమిషాల ప్లాన్‌లో 16,650 మంచి ప్యాకెట్లు ఇచ్చింది, 74 శాతం. బీ షిఫ్ట్ 67. సీ షిఫ్ట్‌కి పొడి తక్కువని ముందే 200 నిమిషాలే ప్లాన్ చేశారు. 4,500 వచ్చాయి, 45 శాతం. మూడింటి సగటు 62 అని రాసేస్తారు. తప్పు. 200 నిమిషాల షిఫ్ట్‌కీ 450 నిమిషాల షిఫ్ట్‌కీ ఒకే బరువు ఇవ్వకూడదు. మంచి ప్యాకెట్లన్నీ కలిపితే 36,224. ప్లాన్ సమయం 1,100 నిమిషాలకి రావాల్సినవి 55,000. రోజు ఓఈఈ 65.9. నెలకైనా ఇదే పద్ధతి: శాతాలు కూడవద్దు, నిమిషాలూ ప్యాకెట్లూ కూడి చివర ఒక్కసారే భాగించాలి.

ఈ అంకెను 85తో పోల్చడం అలవాటు. జపాన్‌లో టీపీఎం అనే మెషీన్ నిర్వహణ పద్ధతికి రూపం ఇచ్చిన సెయిచి నకజిమా పెట్టిన గురి నుంచి వచ్చింది అది: అవైలబిలిటీ 90, పెర్ఫార్మెన్స్ 95, క్వాలిటీ 99 గుణిస్తే 84.6. పొడి ప్యాకింగ్ లైన్‌కి అది పోలిక కాదు. పోయిన నెల ఇదే లైన్ ఎంత ఇచ్చిందన్నదే సరైన పోలిక, అది కూడా అసలు వేగం అంకె మారకుండా ఉంటేనే.

ఒకే షిఫ్ట్‌లో రెండు సైజులు నడిస్తే లెక్క కొంచెం వేరు. 200 గ్రాములవి 9,000 మంచివి, తర్వాత 500 గ్రాములవి 3,000 మంచివి వచ్చాయనుకుందాం. పెద్ద ప్యాకెట్ అసలు వేగం నిమిషానికి 30. రెండు వేగాల సగటు 40 అని తీసుకుంటే 66.7 శాతం వస్తుంది, అది లేని అంకె. సైజు వారీగా నిమిషాలు చేయాలి: 9,000ని 50తో భాగిస్తే 180, 3,000ని 30తో భాగిస్తే 100. మొత్తం 280 నిమిషాల పని. 450తో భాగిస్తే 62.2. మధ్యలో ఆగర్ మార్చి, ఫార్మింగ్ ట్యూబ్ బిగించి, పొడి తుడిచి మొదటి మంచి అరకిలో ప్యాకెట్ తీయడానికి పట్టిన సమయమంతా అవైలబిలిటీ నష్టం కింద, సైజు మార్పు కోడ్‌తో రాయాలి. పెర్ఫార్మెన్స్‌కి కూడా ఇదే దారి: పడిన ప్యాకెట్లని సైజు వారీగా తమ తమ వేగాలతో భాగించి, వచ్చిన నిమిషాలు కూడి, నడిచిన సమయంతో భాగించాలి.